లోన్ క్లోజ్ చేసే ముందు బ్యాంకుకు రాయాల్సిన ఉత్తరం

చిట్టీ పాడుకున్నా, ఊళ్లో స్థలం అమ్ముకున్నా, రిటైర్మెంట్ డబ్బు చేతికొచ్చినా చాలామంది మొదట చేసే పని ఇంటి లోన్ తీర్చేయడం. ఫోన్‌లో బ్యాంకు యాప్ తెరిచి, అసలు బాకీ ఎంత ఉందో చూసి, ఆ మొత్తం కట్టేస్తారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. యాప్‌లో కనిపించేది చాలాసార్లు మిగిలిన అసలు మాత్రమే. లోన్ పూర్తిగా తీరాలంటే కట్టాల్సిన మొత్తం వేరు, అది రోజురోజుకూ మారుతుంది.

ఒక లెక్క చూద్దాం. నవంబర్ 5న ఈఎంఐ కట్టాక అసలు 14,60,000 రూపాయలు మిగిలింది. వడ్డీ ఏడాదికి 8.75 శాతం. అసలును వడ్డీ రేటుతో గుణించి 365తో భాగిస్తే రోజుకు సరిగ్గా 350 రూపాయలు. నవంబర్ 20న క్లోజ్ చేద్దామనుకుంటే పదిహేను రోజుల వడ్డీ 5,250. ఎప్పుడో ఒక ఈఎంఐ బౌన్స్ అయితే వేసిన 500 రూపాయల చార్జీ, దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపి 590 అలాగే ఉండిపోయింది. అంటే ఆ రోజు కట్టాల్సింది 14,65,840. యాప్ చూసి 14,60,000 కట్టినవారికి ఇంకా 5,840 బాకీ ఉన్నట్టే. పైగా ముందుగా చెప్పకుండా జమచేస్తే, దాన్ని పార్ట్ పేమెంట్‌గా రాసుకుని లోన్ నడుపుతూనే ఉండే వీలుంది.

అందుకే డబ్బు కట్టకముందే ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్ అడుగుతూ ఉత్తరం ఇవ్వాలి. ఎంత బాకీ ఉందో చెప్పండి అని ఊరికే రాస్తే సరిపోదు. ఫలానా తేదీకి ఎంత అని అడగాలి. ఇలా రాయవచ్చు:

“బ్రాంచ్ మేనేజర్ గారికి, నా ఇంటి రుణం (లోన్ ఖాతా నంబర్ ...) ఈ నెల 20న పూర్తిగా చెల్లించి ముగించదలిచాను. ఆ తేదీకి చెల్లించాల్సిన మొత్తంతో ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్ ఇవ్వగలరు. అందులో అసలు, వడ్డీ, చార్జీలు విడివిడిగా చూపండి. ఈ లెక్క ఏ తేదీ వరకు చెల్లుతుందో, చెల్లింపు ఆలస్యమైతే రోజుకు ఎంత వడ్డీ కలపాలో, డబ్బు ఏ ఖాతాకు ఏ పద్ధతిలో పంపాలో తెలపండి. మీ దగ్గరున్న నా ఆస్తి పత్రాల జాబితా కూడా జతచేయగలరు.”

కింద రుణగ్రహీతతో పాటు సహ రుణగ్రహీత కూడా సంతకం పెట్టడం మంచిది. బ్రాంచ్‌లో ఇస్తే రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. మెయిల్ పంపితే బ్యాంకులో నమోదైన ఐడీ నుంచే పంపండి.

ఉత్తరంలో అన్నిటికన్నా విలువైనది రోజు వడ్డీ అడిగిన వాక్యం. 20న చేరాల్సిన డబ్బు చెక్ క్లియరింగ్‌లోనో, సెలవు వల్లనో 22న చేరిందనుకోండి. పై లెక్కలో 700 రూపాయలు తక్కువ పడతాయి. అంత చిన్న మొత్తం మిగిలినా ఖాతా మూతపడదు, సిబిల్‌లో లోన్ నడుస్తున్నట్టే కనిపిస్తుంది. రోజు వడ్డీ కాగితం మీద ఉంటే ఆ 700 అప్పుడే కలిపి కట్టేయవచ్చు. ఈఎంఐ తేదీకి మరీ దగ్గరగా మాత్రం పెట్టుకోకండి. ఆటో డెబిట్ అప్పటికే వెళ్లిపోయి ఉంటే డబ్బు రెండుసార్లు కట్ అయి, రీఫండ్ కోసం తిరగాల్సి వస్తుంది.

స్టేట్‌మెంట్ చేతికి రాగానే చార్జీల వరస చూడండి. వ్యక్తులు వ్యాపారం కోసం కాకుండా, మారే వడ్డీ మీద తీసుకున్న ఇంటి రుణానికి ముందుగా తీర్చినందుకు పెనాల్టీ వేయకూడదని రిజర్వ్ బ్యాంక్ నిబంధన. అలాంటి రుణానికి ఫోర్‌క్లోజర్ చార్జీ కనిపిస్తే, కట్టకముందే తీసేయమని రాతపూర్వకంగా అడగాలి. స్థిర వడ్డీ రుణమైతే ఒప్పందంలో ఏముందో చూసుకోవాలి.

లెక్క ఇంత పక్కాగా ఉండాలనడానికి ఇంకో కారణం ఉంది. రుణం పూర్తిగా తీరిన 30 రోజుల్లో ఆస్తి పత్రాలు తిరిగివ్వాలని, తనవల్ల ఆలస్యమైతే బ్యాంకు రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలని రిజర్వ్ బ్యాంక్ 2023 సెప్టెంబర్‌లో ఆదేశించింది. ఆ ఏడాది డిసెంబర్ 1 నుంచి అది అమల్లో ఉంది. కానీ 700 రూపాయలు మిగిలితే రుణం పూర్తిగా తీరనట్టే, ఆ 30 రోజుల లెక్క మొదలే కాదు. కాబట్టి కట్టిన రసీదు, బాకీ సున్నా అని చూపే ఖాతా వివరం, నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోండి. తనఖా పత్రం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ అయి ఉంటే దాని రద్దు కూడా అక్కడే రిజిస్టర్ చేయించి, తర్వాత తీసే ఈసీలో ఆ వివరం ఎక్కిందో లేదో చూసుకోవాలి.