స్కోరు సరే, ఓవర్లెన్ని?

2022 జులైలో గుజరాత్ పోలీసులు మెహసానా జిల్లా మోలిపుర్ గ్రామంలో ఒక విచిత్రమైన టోర్నమెంటును పట్టుకున్నారు. పొలంలో పిచ్ వేశారు, హాలోజన్ దీపాలు కట్టారు, కూలీలకు చెన్నై, ముంబై, గుజరాత్ జట్ల జెర్సీలు తొడిగారు. మ్యాచ్‌కి 400 రూపాయల కూలి. దాన్ని ఐపీఎల్ పేరుతో యూట్యూబ్‌లో ప్రసారం చేస్తే, రష్యాలో కూర్చున్నవాళ్లు నిజమేననుకుని పందేలు కాశారు. క్వార్టర్ ఫైనల్స్ దాకా సాగాక గానీ గుట్టు బయటపడలేదు.

మన ఊళ్లలో సంక్రాంతి టోర్నీల హైలైట్స్ పెట్టే కుర్రాళ్లకు అలాంటి దురాలోచన ఉండదు. కాలనీ జట్టు పేరు చివర ‘సూపర్ కింగ్స్’ అని ఉండటం సరదా మాత్రమే. అయితే ఊరి పేరు వదిలేసి ‘ముంబై వర్సెస్ చెన్నై’ అని శీర్షిక పెడితే, ఉద్దేశం ఏదైనా, చూసేవాడికి మాత్రం అది అబద్ధమే.

ఊరి పేరు రాసినా పని పూర్తికాదు. కొత్తపేట కోనసీమలో ఉంది, హైదరాబాద్‌లో ఉంది, గుంటూరులోనూ ఉంది. హైస్కూల్ గ్రౌండ్ అంటారా, అది లేని పట్టణమేది? కాబట్టి శీర్షికలో ఊరు, గ్రౌండ్ రాసి, కింద వివరణలో మండలం, జిల్లా చేర్చాలి. ఏటా అదే గ్రౌండులో అవే జట్లు తలపడతాయి కనుక సంవత్సరం కూడా ఉండాలి. లేకుంటే నిరుడు ఓడిన జట్టు ఈ ఏడు కూడా ఓడిందనుకుని ఊళ్లో వాదనలు మొదలవుతాయి.

ఎక్కువ తికమక వచ్చేది ఫార్మాట్ దగ్గర. ‘టీ20’ అన్నది 20 ఓవర్ల ఆటకే చెల్లుతుంది. మన దగ్గర చాలా టోర్నీలు 6, 8, 10, 12 ఓవర్లవి. అయినా పోస్టర్ మీద ‘టీ20 కప్’ అని ఉందని వీడియోకీ అదే పేరు పెట్టేస్తారు. 8 ఓవర్లలో 96 కొడితే అది దుమ్ము దులిపిన బ్యాటింగ్, ఓవర్‌కి 12 పరుగులు. అదే 96 పక్కన టీ20 అని కనిపిస్తే చూసేవాడు జట్టు చతికిలపడిందనుకుంటాడు. అంకె మారలేదు, అర్థం తలకిందులైంది. బంతి సంగతి కూడా అంతే. టెన్నిస్ బాల్‌తో కొట్టిన సిక్సర్లకూ లెదర్ బాల్‌తో కొట్టినవాటికీ పోలికే లేదు.

ఇక స్కోరు. ఒక ఉదాహరణ ఊహించుకుందాం. 8 ఓవర్ల సెమీఫైనల్లో రామాపురం 84 చేసింది. కొత్తపేట 5 వికెట్లు పోగొట్టుకుని 81 దగ్గరుంది. రెండు బంతులు మిగిలాయి, నాలుగు పరుగులు కావాలి. అయిదో బంతి సిక్సర్ పోయింది, 87తో ఆట ముగిసింది. మర్నాడు వీడియో శీర్షిక: ‘చివరి బంతికి సిక్స్! నమ్మలేని గెలుపు’. ఆఖరి బంతి అసలు వెయ్యనే లేదు! పైగా ఏ జట్లో, ఏ ఊళ్లోనో చెప్పకుండానే గెలుపును మాత్రం ముందే చెప్పేసింది. దాని బదులు ఇలా రాయొచ్చు:

కొత్తపేట వర్సెస్ రామాపురం | 8 ఓవర్ల సెమీఫైనల్ హైలైట్స్ | టెన్నిస్ బాల్ | కొత్తపేట హైస్కూల్ 2025

ఇందులో ఫలితం లేదు, అబద్ధమూ లేదు. యూట్యూబ్ శీర్షికకు 100 అక్షరాల పరిమితి ఉంది. తెలుగులో గుణింతాలు, పొల్లులు, ఒత్తులు కూడా విడివిడిగా లెక్కలోకి వస్తాయి కనుక ఇదే 95 దాకా వెళ్తుంది. ఫోన్లో శీర్షిక చివరి భాగం కనిపించకపోవచ్చు, అందుకే జట్ల పేర్లు ముందుండాలి. టోర్నీ పేరు, స్పాన్సర్ పేరు వివరణలోకి పోతాయి. స్పాన్సర్ అలుగుతాడేమో గానీ, వీడియో వెతికేవాడు ఆయన పేరు కొట్టి వెతకడు.

ఫలితం చెప్పాలనుకుంటే పూర్తిగా చెప్పాలి. మన ఉదాహరణలో కొత్తపేట 11 మందితో ఆడి ఉంటే అది 5 వికెట్ల గెలుపు. అంత తేడా ఉందని ‘చిత్తుగా ఓడించిన కొత్తపేట’ అనడానికి లేదు, ఎందుకంటే మిగిలింది ఒక్క బంతే. వికెట్ల తేడా చేతిలో మిగిలిన బ్యాటర్లను చెబుతుంది తప్ప ఆట ఎంత బిగువుగా సాగిందో చెప్పదు. సూపర్ ఓవర్ దాకా వెళ్లిన మ్యాచ్‌ను ‘టై, సూపర్ ఓవర్లో గెలుపు’ అని రాయడమే సరైన పద్ధతి.

వీడియోలో లేనిదాన్ని శీర్షికలో, థంబ్‌నెయిల్‌లో ఆశపెట్టే వీడియోలను భారత్‌లో తొలగించడం మొదలుపెడతామని యూట్యూబ్ 2024 డిసెంబరులో ప్రకటించింది. ఊరి టోర్నీ వీడియో దాకా ఆ చెయ్యి రాకపోవచ్చు. అప్‌లోడ్ నొక్కేముందు మాత్రం స్కోరర్ పుస్తకం ఒకసారి తెచ్చుకుని శీర్షికలోని ప్రతి అంకెనూ దానితో సరిచూసుకోండి.