వెన్ను సహకరించనప్పుడు విరమణ లేఖలో ఏం రాయాలి?

ఆంధ్రప్రదేశ్‌లో ఒక రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ ఉన్నాడనుకుందాం. వయసు 47. ఉద్యోగంలో చేరింది 2002లో. 23 ఏళ్ల సర్వీసు నిండింది. ఆయనకు యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ ఉంది. నడుము దగ్గరి కీళ్లలో వాపుతో మొదలై, ఏళ్లు గడిచే కొద్దీ వెన్నుపూసలు ఒకదానితో ఒకటి అతుక్కుపోయే జబ్బు ఇది. సాధారణంగా నలభై ఏళ్లలోపే బయటపడుతుంది. మామూలు నడుంనొప్పి పడుకుంటే తగ్గుతుంది. ఇది మాత్రం తెల్లవారుజామున ఎక్కువగా పట్టేస్తుంది, కాస్త కదిలితే సడలుతుంది. మందులతో వాపును అదుపు చేయవచ్చు కానీ, అతుక్కుపోయిన పూసలు మళ్లీ విడిపోవు.

ఆయన పనేమో పొలాల గట్ల మీద నడవడం, గొలుసు పట్టి కొలవడం, మండలమంతా తిరగడం. రెండేళ్లుగా అవేవీ చేతకావడం లేదు. సెలవులు కరిగిపోతున్నాయి. చివరికి కాగితం తీసుకుని, ఆరోగ్యం బాగాలేనందున ఉద్యోగం నుంచి తప్పించమని రెండు ముక్కలు రాసి ఇచ్చేయాలనుకున్నాడు. అలాంటి రెండు ముక్కల లేఖ కుటుంబ భవిష్యత్తును తేల్చేస్తుంది. అందుకే రాసే ముందు తెలుసుకోవాల్సిన సంగతులున్నాయి.

మొదటిది, ‘రాజీనామా’ అన్న మాట రాయకూడదు. రాజీనామా చేస్తే అప్పటిదాకా చేసిన సర్వీసు పెన్షన్‌కు లెక్కలోకి రాకుండా పోతుంది. ఆయన ముందున్న దారులు వేరే. 1980 నాటి రివైజ్డ్ పెన్షన్ రూల్స్ ప్రకారం, 20 ఏళ్ల అర్హత సర్వీసు నిండినవారు మూడు నెలల ముందు నోటీసు ఇచ్చి స్వచ్ఛందంగా విరమించుకోవచ్చు. ఇది 43వ నిబంధన. ఆరోగ్యం పూర్తిగా దెబ్బతిన్నవారికి 37వ నిబంధన కింద ఇన్‌వాలిడ్ పెన్షన్ ఉంది. దానికి మెడికల్ బోర్డు సర్టిఫికెట్ కావాలి. ఉద్యోగి తన శాఖలో సేవ చేయడానికి పూర్తిగా, శాశ్వతంగా అశక్తుడయ్యాడని అందులో ఉండాలి.

స్వచ్ఛంద విరమణలో ఆయనకు దక్కేదేమిటో లెక్క వేద్దాం. మూల వేతనం 70,000 అనుకుందాం. 33 ఏళ్ల సర్వీసు ఉంటే పెన్షన్ అందులో సగం, అంటే 35,000. సర్వీసు తక్కువైతే ఆ నిష్పత్తిలో తగ్గుతుంది. 23 ఏళ్లకు సుమారు 24,400 వస్తుంది. ఐదేళ్ల వెయిటేజీ పూర్తిగా కలిస్తే సుమారు 29,700 అవుతుంది. రాష్ట్రంలో విరమణ వయసు 62 కాబట్టి ఆయనకు ఇంకా 15 ఏళ్ల సర్వీసు ఉంది. ఆ కాలంలో వచ్చే జీతం, ఇంక్రిమెంట్లు, పెరిగే పెన్షన్ అన్నీ వదులుకున్నట్టే. 2004 సెప్టెంబరు 1న గానీ ఆ తర్వాత గానీ చేరినవారు సీపీఎస్ కిందికి వస్తారు కనుక ఈ లెక్క వారికి వర్తించదు.

“నేను తప్పుకుంటే మా అబ్బాయికి ఉద్యోగం వస్తుంది కదా” అని చాలామంది ఆశిస్తారు. స్వచ్ఛంద విరమణకు కారుణ్య నియామకం లేదు. వైద్య కారణాలతో విరమించినవారి కుటుంబానికైనా షరతులున్నాయి. ఉద్యోగికి ఇంకా కనీసం ఐదేళ్ల సర్వీసు మిగిలి ఉండాలి, జబ్బు ప్రభుత్వ ఉత్తర్వుల్లోని పరిమిత జాబితాలో ఉండాలి. కాళ్లూ చేతులూ పూర్తిగా పడిపోవడం, చివరి దశ మూత్రపిండాల జబ్బు వంటివి అందులో ఉన్నాయి. వెన్ను బిగుసుకుపోయి, ఇంకా నడవగలుగుతున్న మనిషి ఆ జాబితాలోకి రాకపోవచ్చు. ఉత్తర్వు చూడకుండా ఆ ఆశతో సంతకం పెట్టకూడదు.

అసలు సంగతి మూడో దారి. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 20వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్, సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని తీసేయకూడదని, హోదా తగ్గించకూడదని చెబుతోంది. ఉన్న పని చేయలేకపోతే అదే వేతన స్కేలుతో, అవే ప్రయోజనాలతో వేరే పోస్టులోకి మార్చాలి. తగిన పోస్టు దొరక్కపోతే అది దొరికేదాకా, లేదా విరమణ వయసు వచ్చేదాకా, అదనపు పోస్టు సృష్టించి అందులో ఉంచాలి. మన ఇన్‌స్పెక్టర్ పొలం గట్ల మీద నడవలేడు గానీ, కార్యాలయంలో దస్త్రాలు చూడగలడు.

ఈ హక్కు సంగతి తెలియక లేఖ రాసిన మనిషి కథ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పంజాబ్ విద్యుత్ బోర్డులో అసిస్టెంట్ లైన్‌మన్‌గా పనిచేసే భగవాన్ దాస్‌కు 1994లో సర్వీసులో ఉండగానే చూపు పూర్తిగా పోయింది. తనను విరమింపజేసి భార్యకు ఉద్యోగం ఇవ్వమని ఆయన లేఖ రాశాడు. బోర్డు ఆయన సర్వీసును ముగించింది. అప్పటికే 1995 నాటి చట్టంలో ఇలాంటి రక్షణే ఉంది. ఆయనకు తన హక్కు తెలియదని, ఆ సంగతి చెప్పాల్సిన బాధ్యత అధికారులదని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ లేఖను పట్టుకుని సర్వీసు ముగించడం చెల్లదంది. తీర్పు వచ్చేసరికి పద్నాలుగేళ్లు గడిచాయి.

కాబట్టి లేఖలో వేదన కన్నా వివరాలు ఉండాలి. ‘తీవ్రమైన నొప్పితో బాధపడుతున్నాను’ అన్న వాక్యంతో మెడికల్ బోర్డు ఏమీ తేల్చలేదు. ఎంతసేపు కూర్చోగలరు, ఎంత దూరం నడవగలరు, వంగి ఫైలు తీయగలరా, మెడ తిప్పి బండి నడపగలరా అన్నవి రాయాలి. తమ ఉద్యోగ విధుల్లో ఏవి ఆగిపోయాయో ఒక్కొక్కటిగా చెప్పాలి. ఎమ్మారై, ఎక్స్‌రే నివేదికలు, రుమటాలజిస్టు లేదా ఆర్థోపెడిక్ వైద్యుడి చికిత్స పత్రాలు, సదరం సర్టిఫికెట్ ఉంటే దాని నకలు జతచేయాలి. పాత నివేదికలను కొత్తవాటితో పక్కపక్కన పెడితేనే జబ్బు ముదురుతున్న తీరు తెలుస్తుంది.

మన ఇన్‌స్పెక్టర్ లేఖ ఇలా ఉండవచ్చు:

“గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి, తహసీల్దారు గారి ద్వారా.

విషయం: అనారోగ్యం కారణంగా ప్రత్యామ్నాయ విధులు, అది వీలుకాని పక్షంలో మెడికల్ బోర్డు పరీక్ష కోరుతూ విన్నపం.

అయ్యా, నేను 2002 నుంచి రెవెన్యూ శాఖలో పనిచేస్తున్నాను. నాకు యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ ఉన్నట్టు వైద్యులు నిర్ధారించారు. ప్రస్తుతం అరగంటకు మించి కూర్చోలేను, అరకిలోమీటరుకు మించి నడవలేను, వంగలేను. సర్వే పనులు, క్షేత్ర తనిఖీలు చేయలేకపోతున్నాను. మధ్యమధ్య లేచి తిరిగే వీలుంటే కార్యాలయంలో దస్త్రాల పని చేయగలను.

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని సెక్షన్ 20(4) ప్రకారం, నా వేతన స్కేలు మారకుండా తగిన పోస్టులో నియమించవలసిందిగా కోరుతున్నాను. ఏ పనికీ నేను పనికిరానని భావించిన పక్షంలో మెడికల్ బోర్డుకు పంపి, రివైజ్డ్ పెన్షన్ రూల్స్, 1980లోని 37వ నిబంధన ప్రకారం పరిశీలించవలసిందిగా మనవి. ఈ లేఖను రాజీనామాగా గానీ, స్వచ్ఛంద విరమణ నోటీసుగా గానీ పరిగణించవద్దని విన్నవించుకుంటున్నాను.”

లేఖ ఇచ్చినప్పుడు రెండో ప్రతి మీద తేదీతో స్వీకరణ ముద్ర వేయించుకోవాలి. జబ్బు బాగా ముదిరి, ఏ పనీ చేయలేని స్థితి వచ్చినవారు నేరుగా 37వ నిబంధననే కోరవచ్చు. ఆ నిర్ణయం మాత్రం వైద్యుడితోను, పెన్షన్ లెక్కలు తెలిసిన వ్యక్తితోను మాట్లాడాకే తీసుకోవాలి. కార్యాలయంలో ఎవరు తొందరపెట్టినా, ప్రత్యామ్నాయ పోస్టు అడగకుండా విరమణ లేఖ మీద సంతకం పెట్టకండి.