గాట్విక్‌లో దిగి హీత్రోలో ఎక్కాలంటే

న్యూయార్క్ నుంచి హైదరాబాద్‌కి టికెట్లు వెతుకుతుంటే ఒక్కోసారి మిగతావాటికన్నా బాగా చవకైనది ఒకటి పైకి తేలుతుంది. మధ్యలో లండన్‌లో ఆరు గంటలు ఆగాలి, అంతే. తీరా కింద చిన్న అక్షరాలు చూస్తే దిగేది LGW, మళ్లీ ఎక్కేది LHR. మొదటిది గాట్విక్, రెండోది హీత్రో. పేరుకి రెండూ లండన్ విమానాశ్రయాలే, కానీ రోడ్డు మీద వాటి మధ్య దూరం 60 కిలోమీటర్ల పైమాటే. టికెట్లు అమ్మే సైట్లకు గాట్విక్, హీత్రో, స్టాన్‌స్టెడ్, లూటన్ అన్నీ LON అనే ఒకే నగరం కోడ్ కింద ఉంటాయి. అందుకే లండన్‌లో దిగి లండన్‌లోనే ఎక్కే ప్రయాణం వాటి లెక్కలో మామూలు కనెక్షనే. అక్కడి ఇమిగ్రేషన్ అధికారి లెక్క మాత్రం వేరు.

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు బ్రిటన్ మీదుగా వెళ్లేటప్పుడు రెండు రకాల ట్రాన్సిట్ ఉంటుంది. హీత్రోలో దిగి, ఇమిగ్రేషన్ దాటకుండా లోపల్లోపలే ఇంకో విమానం ఎక్కితే అది ఎయిర్‌సైడ్. దీనికి కూడా మనకి వీసా కావాలి. దాని పేరు డైరెక్ట్ ఎయిర్‌సైడ్ ట్రాన్సిట్ వీసా. ఇమిగ్రేషన్ దాటి బయటికొచ్చి మళ్లీ లోపలికెళితే అది ల్యాండ్‌సైడ్. దానికి విజిటర్ ఇన్ ట్రాన్సిట్ వీసా తీసుకోవాలి. ఇది 48 గంటల వరకు పనికొస్తుంది. గాట్విక్ నుంచి హీత్రోకి లోపలి దారి లేదు కాబట్టి విమానాశ్రయం మారిందంటే అది ల్యాండ్‌సైడే. విమానాశ్రయం మారకపోయినా, సూట్‌కేసు తీసుకుని మళ్లీ చెక్ ఇన్ చేయాల్సి వస్తే అప్పుడూ బయటికి రావాల్సిందే.

అయితే అమెరికా వెళ్లే మనవాళ్లలో చాలామంది ఈ వీసాల పేరు కూడా వినకుండానే లండన్ దాటేస్తుంటారు. దానికో మినహాయింపు ఉంది. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాల్లో దేనికైనా చెల్లుబాటులో ఉన్న వీసా పాస్‌పోర్టులో ఉండి, ఆ దేశానికి వెళ్తున్నా, అక్కణ్నుంచి వస్తున్నా ట్రాన్సిట్ వీసా అక్కర్లేదు. బయటికి రావాల్సిన వాళ్లకి ఇంకొన్ని షరతులుంటాయి. విమానంలోనే రావాలి, విమానంలోనే పోవాలి, తర్వాతి టికెట్ ఖాయమై ఉండాలి, దిగిన మర్నాడు అర్ధరాత్రిలోపు దేశం దాటాలి. ఇన్ని ఉన్నా చివరి మాట కౌంటర్లో కూర్చున్న అధికారిదే.

ఈ మినహాయింపు అందరికీ ఒకేలా పనిచేయదు. ఒక తల్లీ కొడుకూ కలిసి ఆ చవక టికెట్ కొన్నారనుకుందాం. అమ్మది గుంటూరు. మనవరాలిని చూడటానికి విజిటర్ వీసా మీద వెళ్లి తిరిగొస్తోంది. పదేళ్ల వీసా, ఇంకా ఏళ్లకేళ్లు మిగిలి ఉంది. కొడుకు న్యూజెర్సీలో హెచ్1బీ మీద ఉద్యోగం. రెండేళ్ల కిందట అమెరికాలో దిగాడు, ఆ తర్వాత పాస్‌పోర్టులోని స్టాంప్ గడువు తీరిపోయింది. కంపెనీ పొడిగింపు వేయించింది, ఐ-797 కాగితం చేతిలో ఉంది. హైదరాబాద్ కాన్సులేట్‌లో స్టాంపింగ్ చేయించుకుని తిరిగి వెళ్దామని బయల్దేరాడు.

అమ్మకి ఇబ్బంది లేదు. కొడుకుని న్యూయార్క్‌లో చెక్ ఇన్ కౌంటర్ దగ్గరే ఆపేస్తారు. ఐ-797 అతణ్ని అమెరికాలో ఉండనిస్తుంది, పని చేసుకోనిస్తుంది. అది వీసా మాత్రం కాదు. బ్రిటన్ నిబంధనల్లో స్టాంప్ గడువు దాటినవాళ్లకి ఒక చిన్న సందు ఉంది. అమెరికా నుంచి వస్తూ, చెల్లుబాటు వీసాతో చివరిసారి అక్కడ అడుగుపెట్టి ఆరు నెలలు దాటకపోతే మినహాయింపు వర్తిస్తుంది. ఇతనికి రెండేళ్లు దాటింది. అంటే గాట్విక్-హీత్రో టికెట్ సంగతి అటుంచి, హీత్రోలోనే దిగి హీత్రోలోనే ఎక్కే ఖరీదైన టికెట్ కొన్నా అతనికి ట్రాన్సిట్ వీసా తప్పదు. అదే గ్రీన్‌కార్డు అయితే ఈ గొడవ ఉండదు, అది మినహాయింపుల జాబితాలోనే ఉంది.

ఎయిర్‌లైన్ సిబ్బంది ఇంత కచ్చితంగా ఉండటం వెనక డబ్బు ఉంది. సరైన పత్రాలు లేని మనిషిని తీసుకొచ్చినందుకు బ్రిటన్ ఎయిర్‌లైన్‌కి ఒక్కో ప్రయాణికుడికి 2,000 పౌండ్ల దాకా జరిమానా వేస్తుంది. అందుకే కౌంటర్లో ఉన్నవాళ్లు టిమాటిక్ అనే డేటాబేస్‌లో మన పాస్‌పోర్టు, మన వీసా, మన మార్గం కొట్టి చూస్తారు. అందులో కుదరదని వస్తే బతిమాలినా లాభం ఉండదు. టికెట్ అమ్మిన సైట్‌కి ఆ బాధ్యత లేదు. పత్రాలు చూసుకోవాల్సింది ప్రయాణికుడేనని షరతుల్లో ముందే రాసుకుంటారు.

అమ్మకి వీసా చిక్కు లేదన్నాం. ఇక టైము సంగతి చూద్దాం. ఆరు గంటలు చాలా ఎక్కువనిపిస్తుంది. గాట్విక్‌లో ఇమిగ్రేషన్ లైను, తర్వాత బెల్టు దగ్గర సూట్‌కేసుల కోసం ఎదురుచూపు, కస్టమ్స్, కోచ్ బస్సు కోసం నిరీక్షణ. ఎం25 రోడ్డు ఖాళీగా ఉంటే గంటా గంటంపావు, లేకపోతే రెండు గంటలు. హీత్రోలో సుమారు గంట ముందే సామాను తీసుకోవడం ఆపేస్తారు. మొదటి విమానం గంటన్నర ఆలస్యమైతే ఆ ఆరు గంటల్లో మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. పైగా రెండు విమానాలూ ఒకే పీఎన్నార్ మీద లేకపోతే, రెండోది తప్పిపోయినప్పుడు ఎక్కించే పూచీ ఎవరిదీ కాదు. సైట్లలో సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్ అని కనిపించేది ఇదే. ఇంగ్లిష్ అంతగా రాని అరవై దాటిన మనిషిని, రెండు పెద్ద సూట్‌కేసులతో, ఒంటరిగా ఈ దారిన పంపడం ఎంత డబ్బు మిగిలినా నాకు సబబుగా తోచదు.

విమానాశ్రయం మారకపోయినా ఇలాగే దెబ్బతీసే మార్గం యూరప్‌లో ఒకటుంది. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్, అక్కణ్నుంచి ఆమ్‌స్టర్‌డామ్, అక్కణ్నుంచి న్యూయార్క్. ఈ రెండు ఊళ్లూ షెన్‌గెన్ ప్రాంతంలోవి కాబట్టి మధ్యలో విమానం వాళ్లకి దేశీయ విమానం లాంటిది. దాన్ని ఎక్కాలంటే ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే ఇమిగ్రేషన్ దాటాలి, అంటే షెన్‌గెన్ వీసా ఉండాలి. అమెరికా వీసా ఇక్కడ అక్కరకు రాదు. షెన్‌గెన్‌లో ఒకచోట ఆగడం వేరు, రెండుచోట్ల ఆగడం వేరు.

ఆ కొడుకు లాంటివాళ్లకి నేరు విమానం, లేదా దోహా, అబుదాబి, దుబాయ్ మీదుగా ఒకే టికెట్ మీద వచ్చే మార్గం నయం. అక్కడ మనవాళ్లు లోపల్లోపలే విమానం మారితే ట్రాన్సిట్ వీసా అడగరు. ఇక్కడా కోడ్ చూసుకోవాలి. దుబాయ్ DXB లో దిగి షార్జా SHJ లో ఎక్కాలని ఉంటే యూఏఈ వీసా కావాల్సిందే.

కొనేముందు చూడాల్సింది దిగే కోడ్, ఎక్కే కోడ్, ఒకే పీఎన్నారా కాదా, సామాను ఎక్కడిదాకా వెళ్తుంది. బ్రిటన్ మీదుగా అయితే gov.uk లో వీసా కావాలో లేదో చెప్పే పేజీ ఉంది. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి పోయినేడు వెళ్లొచ్చిన బావగారి అనుభవం కన్నా దాన్ని నమ్మడం మేలు. అప్పటికే తొందరపడి కొనేసినా ఒక వెసులుబాటు ఉంది. అమెరికాకి వెళ్లే, అక్కణ్నుంచి వచ్చే విమానాలకు ప్రయాణం ఏడు రోజులో అంతకన్నా ఎక్కువో దూరంలో ఉండగా నేరుగా ఎయిర్‌లైన్ దగ్గరే కొంటే, 24 గంటల్లోపు రద్దు చేసుకుని పూర్తి డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. కొన్ని ఎయిర్‌లైన్లు దీనికి బదులు డబ్బు కట్టకుండానే 24 గంటలపాటు అదే ధరకి సీటు ఆపి ఉంచుతాయి. బయటి సైట్లకీ ఏజెంట్లకీ మాత్రం ఈ నిబంధన వర్తించదు.