ఒకే కొలతలకు రెండు త్రిభుజాలు

లంబకోణం లేని త్రిభుజాల వర్క్‌షీట్ ముందుంటే, ఏ లెక్కకు ఏ సూత్రం వాడాలన్నది తేల్చుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు. ఇచ్చిన కొలతల్లో ఏదైనా ఒక భుజమూ, దాని ఎదుటి కోణమూ రెండూ తెలిశాయా? తెలిస్తే సైన్ సూత్రం: a/sin A = b/sin B. రెండు కోణాలు, ఒక భుజం ఇస్తే మూడో కోణం 180° లోంచి తీసివేతతో వచ్చేస్తుంది కాబట్టి జత తప్పక దొరుకుతుంది. మూడు భుజాలే ఇచ్చినా, రెండు భుజాలూ వాటి మధ్య కోణమూ ఇచ్చినా జత దొరకదు. అక్కడ కొసైన్ సూత్రం: a² = b² + c² − 2bc cos A.

చిక్కంతా రెండు భుజాలు ఇచ్చి, వాటి మధ్యది కాని కోణం ఇచ్చినప్పుడే. A = 30°, a = 6 సెం.మీ., b = 10 సెం.మీ. అనుకోండి. జత ఉంది కాబట్టి sin B = 10 × 0.5 ÷ 6 = 0.8333. కాలిక్యులేటర్ 56.4° అని చూపిస్తుంది. చాలామంది అదే రాసి తర్వాతి లెక్కకు వెళ్లిపోతారు. కానీ 123.6° సైన్ విలువ కూడా అదే. కాలిక్యులేటర్ అల్పకోణాన్ని మాత్రమే ఇస్తుంది, అధికకోణాన్ని మనమే 180° లోంచి తీసుకోవాలి.

నమ్మకం కుదరకపోతే గీసి చూడండి. AC 10 సెం.మీ. గీసి, A దగ్గర 30° కిరణం గీయండి. C దగ్గర వృత్తలేఖిని ముల్లు పెట్టి 6 సెం.మీ. చాపం తిప్పితే అది కిరణాన్ని రెండు చోట్ల కోస్తుంది. A నుంచి ఒకటి సుమారు 5.3 సెం.మీ. దూరంలో, రెండోది 12 సెం.మీ. దూరంలో ఉంటుంది. రెండూ సరైన త్రిభుజాలే.

C నుంచి ఆ కిరణానికి లంబదూరం b sin A, అంటే 5 సెం.మీ. a అంతకన్నా చిన్నదైతే చాపం కిరణాన్ని తాకదు, త్రిభుజమే లేదు. సరిగ్గా 5 అయితే ఒక్క లంబకోణ త్రిభుజం. 5కూ 10కీ మధ్య ఉంటే రెండు. 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే మళ్లీ ఒక్కటే. ఇచ్చిన కోణం అల్పకోణమైనప్పుడే ఇదంతా. అది అధికకోణమైతే రెండో అధికకోణానికి త్రిభుజంలో చోటుండదు.

ఈ హద్దులు గుర్తుండకపోయినా ఫర్వాలేదు. రెండో కోణాన్ని ఇచ్చిన కోణానికి కలిపి చూస్తే తెలిసిపోతుంది. పై లెక్కలో 123.6 + 30 = 153.6, 180 కన్నా తక్కువ. కాబట్టి రెండు జవాబులూ నిలుస్తాయి. అదే a = 12 అయితే B 24.6° లేదా 155.4° వస్తుంది. 155.4కు 30 కలిపితే 185.4 అవుతుంది కాబట్టి రెండోదాన్ని కొట్టేయాలి.

ప్రశ్నలో 'B అధికకోణం' అని ఉంటే ఆ ఒక్క త్రిభుజమే రాయండి. ఏమీ చెప్పకపోతే రెండింటికీ C, c విలువలు విడివిడిగా కట్టి రెండు జవాబులూ ఇవ్వండి.