ఫీజు రశీదులో ఆ మూడు పద్దులు

జూన్‌లో బడి తెరవగానే చేతికొచ్చే ఫీజు రశీదులో ట్యూషన్ ఫీజు కింద మరో మూడు పద్దులు కనిపిస్తాయి: డెవలప్‌మెంట్, యాక్టివిటీ, ట్రాన్స్‌పోర్ట్. ఎదురుగా అంకె ఉంటుంది గానీ అది దేనికో ఉండదు. కౌంటర్ దగ్గర అడిగితే "అందరికీ అంతేనండీ" అంటారు. అక్కడ కూర్చున్న గుమస్తాకూ చాలాసార్లు అంతకు మించి తెలియదు, అతని మీద విసుక్కుని లాభం లేదు. కాగితం మీద అడగాలి.

ఒక రశీదు తీసుకుందాం. ట్యూషన్ 42,000, డెవలప్‌మెంట్ 9,000, యాక్టివిటీ 4,500, ట్రాన్స్‌పోర్ట్ 18,000. మొత్తం 73,500 రూపాయలు. ఇందులో డెవలప్‌మెంట్ పద్దు ట్యూషన్ ఫీజులో 21 శాతం దాటింది. ఢిల్లీ బడుల కేసులో సుప్రీంకోర్టు 2004లో ఈ రుసుమును ట్యూషన్ ఫీజులో 15 శాతానికి మించకుండా వసూలు చేయవచ్చంది. దాన్ని ఫర్నిచర్, పరికరాల కొనుగోలుకూ మార్పిడికీ వాడాలనీ, తరుగుదల నిధి నిర్వహించాలనీ చెప్పింది. ఆ పరిమితి ఢిల్లీ బడుల గురించి చెప్పింది కాబట్టి మన బడికి నేరుగా వర్తిస్తుందని వాదించకండి. అయితే ఆ డబ్బుతో ఏం కొంటారని అడగడానికి ఏ అడ్డూ లేదు.

బస్సు సంగతి ఇంకా తేలిక. 18,000 అంటే పది నెలలకైతే నెలకు 1,800, పన్నెండు నెలలకైతే 1,500. వేసవి సెలవులకూ కడుతున్నామా లేదా అన్నది ఈ ఒక్క జవాబుతో తేలిపోతుంది.

ఉత్తరం ఇలా ఉంటే చాలు:

"గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి, నమస్కారాలు. మా అబ్బాయి ఆరో తరగతి 'బి' సెక్షన్‌లో చదువుతున్నాడు. ఫీజు రశీదు నకలు జతచేశాను. దయచేసి ఈ వివరాలు తెలియజేయగలరు. డెవలప్‌మెంట్ రుసుము ఒక్కసారి కట్టేదా, ఏటా కట్టేదా? దాన్ని దేనికి వినియోగిస్తారు? యాక్టివిటీ రుసుములో ఏయే కార్యక్రమాలు ఉన్నాయి? వార్షికోత్సవానికీ విహారయాత్రకూ మళ్లీ విడిగా కట్టాలా? ట్రాన్స్‌పోర్ట్ రుసుము ఎన్ని నెలలకు, ఏ స్టేజీ లెక్కన? రెండు వారాల్లో రాతపూర్వకంగా తెలిపితే కృతజ్ఞులం."

"దోపిడీ", "కేసు వేస్తాం" లాంటి మాటలు అందులో పడనీయకండి. అవి పడితే ఉత్తరం లెక్కల గుమస్తా బల్ల మీదికి కాక యాజమాన్యం ఫైలులోకి వెళ్తుంది. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీతో ముట్టినట్లు సంతకం చేయించుకోండి. గడువు దాటినా జవాబు రాకపోతే జిల్లా విద్యాశాఖాధికారికి రాసేటప్పుడు ఆ సంతకమే ఆధారం.

ఉద్యోగులకు మరో సంగతి. పాత పన్ను విధానంలో మినహాయింపు దొరికేది ట్యూషన్ ఫీజుకే, డెవలప్‌మెంట్‌కూ బస్సుకూ కాదు. అన్నీ కలిపి "స్కూల్ ఫీజు" అని ఒకే అంకె వేసిన రశీదు ఇస్తే, పద్దులు విడదీసిన రశీదు అదే ఉత్తరంలో అడగండి.