వార్తల్లో పదం: అంతర్గత కమిటీ

పది మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి కార్యాలయంలోనూ లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించే కమిటీ ఉండాలని 2013 నాటి చట్టం చెబుతోంది. సీనియర్ ఉద్యోగిని అధ్యక్షత వహించాలి. సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు ఉండాలి, ఒకరు బయటి వ్యక్తి కావాలి. ఆ బయటి వ్యక్తి వల్ల యాజమాన్యం ఒత్తిడికి కొంత అడ్డు పడుతుంది.

సికింద్రాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆఫీసులో ఓ ఉద్యోగిని తన పై అధికారి వేధిస్తున్నాడని ఫిర్యాదు చేసిందనుకుందాం. ఘటన జరిగిన మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఇవ్వాలి. తగిన కారణం ఉంటే మరో మూడు నెలల గడువు దొరుకుతుంది. కమిటీ ఏడు పని దినాల్లో ఫిర్యాదు ప్రతిని ఆ అధికారికి పంపి, జవాబు తీసుకుని, ఇద్దరి వాదనా విని, 90 రోజుల్లో విచారణ ముగించాలి.

అసలు భయం ఈ 90 రోజుల గురించే. ఆమె పనితీరుకు మార్కులు వేసేది ఆ అధికారే కదా! అందుకే ఆమె రాసి అడిగితే ఆ బాధ్యత మరొకరికి అప్పగించమనీ, ఇద్దరిలో ఒకరిని బదిలీ చేయమనీ, ఆమెకు మూడు నెలల దాకా అదనపు సెలవు ఇవ్వమనీ కమిటీ సిఫార్సు చేయవచ్చు. ఆమె పేరు బయటపెట్టడాన్ని చట్టం నిషేధించింది. రుజువు చేయలేకపోయినంత మాత్రాన ఫిర్యాదు అబద్ధం అయిపోదు.

జనరల్ బజార్‌లో పది మందికన్నా తక్కువ పనిచేసే దుకాణంలోని మహిళ జిల్లా స్థానిక కమిటీని ఆశ్రయించాలి. యజమానిపైనే ఫిర్యాదైనా అక్కడికే వెళ్లాలి.