ఛాయాచిత్ర ప్రామాణ్య నిర్ణయం: నీడల సాక్ష్యం

ఛాయాచిత్రం మార్పునకు లోనైనదా, యంత్రసృష్టమా అని తేల్చడానికి వికృతమైన వేళ్లు, చెదిరిన అక్షరాలతో పాటు పొంతన లేని నీడలను ఆధారంగా చూపుతుంటారు. అయితే నీడల విషయంలో కంటి అంచనా తరచుగా పొరబడుతుంది.

1963లో లీ హార్వే ఆస్వాల్డ్ తుపాకీతో పెరట్లో నిలబడి దిగిన చిత్రం ఇందుకు నిదర్శనం. ముక్కు నీడ నేరుగా కిందికి, దేహపు నీడ పక్కకు పడినట్లు కనిపించడంతో అది అతుకుల చిత్రమని విమర్శకులు వాదించారు. 2009లో డార్ట్‌మత్ కళాశాల ఆచార్యులు హానీ ఫరీద్ త్రిమితీయ నమూనాతో పరీక్షించి, ఒకే సూర్యకాంతిలో ఆ రెండు నీడలూ ఏర్పడగలవని నిరూపించారు.

కాబట్టి నీడలు పడిన దిక్కులను పోల్చడం చాలదు. స్తంభం కొన నుండి దాని నీడ కొనకు గీసినట్లు, వస్తువుపై ప్రతి బిందువు నుండి నీడలో దానికి సరిపోయే బిందువునకు సరళరేఖ గీయాలి. వెలుగు ఒక్కటే అయితే, నేల ఎగుడుదిగుడుగా ఉన్నా, పొడిగించిన రేఖలన్నీ ఒకే బిందువు వద్ద కలుస్తాయి, లేదా సమాంతరంగా సాగుతాయి. ఒక వ్యక్తికి చెందిన రేఖలు మాత్రమే దారి తప్పితే, ఆ రూపాన్ని అతికించారని అనుమానించవచ్చు. దీపాలు అనేకమైన చోట, నీడ అంచులు మసకబారిన చోట ఈ పరీక్ష నిలవదు. రేఖలు కలిసినంత మాత్రాన చిత్రం అసలైనదని కూడా రుజువు కాదు.